ఒట్టి డొమైన్‌కు మారుపేరు ఎందుకు కుదరదు?

ఓ చిన్న ప్రచురణ సంస్థ కొత్తగా వెబ్‌సైట్ పెట్టుకుందనుకుందాం. దాని పేరు example.com. ఉదాహరణల్లో వాడుకోవడం కోసమే ఇంటర్నెట్ ప్రమాణాలు 1999లో పక్కన పెట్టిన పేరు ఇది, ఎవరికీ అమ్మరు. సైటును నడిపే హోస్టింగ్ సంస్థ ఒక సూచన పంపింది: www అనే పేరుకు సీనేమ్ రికార్డు పెట్టి, దాన్ని మా సర్వర్ పేరు వైపు తిప్పండి. పని రెండు నిమిషాల్లో అయిపోయింది, www.example.com తెరుచుకుంది. ఇక ముందు www లేకుండా ఒట్టి example.com అని కొట్టేవాళ్లూ ఉంటారు కదా అని, అదే రికార్డును `@` గుర్తు ఉన్న వరుసలో మళ్లీ పెట్టబోయారు. ఒట్టి డొమైన్‌కు ఆ గుర్తే పొట్టిపేరు. ఈసారి తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఈ పేరుకు సీనేమ్ పెట్టడం కుదరదని వాటి సారాంశం.

నిమిషం క్రితం www కు ఒప్పుకున్నది, నాలుగక్షరాలు తీసేసరికి ఎందుకు ఒప్పుకోలేదు? చాలామంది ఇది డొమైన్ అమ్మిన సంస్థ పెట్టిన అడ్డంకి అనుకుంటారు, ఇంకాస్త డబ్బు కడితే తొలగిపోతుందనీ అనుకుంటారు. అది నిజం కాదు. ఆ నిబంధన 1987 నవంబరులో రాసినది. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థ డీఎన్ఎస్‌ను రూపొందించిన పాల్ మోకపెట్రిస్, ఆర్ఎఫ్‌సీ 1034 అనే పత్రంలో దాన్ని రెండు మూడు వాక్యాల్లో చెప్పారు. అప్పటికి వెబ్ అనేదే పుట్టలేదు. ఆ నిబంధన వెనకున్న ఆలోచన తెలిస్తే ఎర్రక్షరాల మీద కోపం పోతుంది, ఏ దారిన వెళ్లాలో కూడా తెలుస్తుంది.

డీఎన్ఎస్‌లో ప్రతి పేరుకూ కొన్ని చీటీలు ఉంటాయి. వాటినే రికార్డులంటారు. ఈ పేరు గల కంప్యూటర్ ఏ ఐపీ చిరునామాలో ఉంది అని చెప్పేది ఒక చీటీ. తెర మీద అది `A` అని కనిపిస్తుంది, ఇక్కడ దాన్ని చిరునామా రికార్డు అందాం. ఈ పేరుకు వచ్చే ఈమెయిల్‌ను ఏ సర్వర్‌కు చేర్చాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు. ఊరికే ఏదో ఒక వాక్యం రాసి పెట్టుకునేది టెక్స్ట్ రికార్డు. ఒకే పేరుకు ఇవన్నీ కలిసి ఉండవచ్చు, ఒకదానికొకటి అడ్డు రావు.

సీనేమ్ ఒక్కటే వీటికి భిన్నం. అది చిరునామా చెప్పదు, ఈ పేరు అసలు పేరు కాదు, మారుపేరు మాత్రమే అని చెబుతుంది. తాళం వేసిన ఇంటి తలుపు మీద "మా గురించి ఏది కావాలన్నా ఎదురింట్లో అడగండి" అని బోర్డు పెట్టినట్టన్నమాట. ఆ బోర్డులో "ఏది కావాలన్నా" అన్న మాటే కీలకం. పాలవాడికైనా, పోస్ట్‌మ్యాన్‌కైనా, కరెంటు బిల్లు ఇచ్చేవాడికైనా ఒకటే సమాధానం. వెబ్‌సైట్ కోసం వచ్చినవాళ్లు మాత్రం ఎదురింటికి వెళ్లండి, ఉత్తరాలు తెచ్చినవాళ్లు ఇక్కడే తలుపు కొట్టండి అని చెప్పే వీలు సీనేమ్‌కు లేదు.

అందుకే మోకపెట్రిస్ పెట్టిన నియమం: ఒక పేరుకు సీనేమ్ ఉంటే, ఆ పేరుకు మరే రికార్డూ ఉండకూడదు. అసలు పేరు దగ్గర ఒక సమాచారం, మారుపేరు దగ్గర మరో సమాచారం ఉండి రెండూ పొసగని పరిస్థితి రాకూడదన్నది ఒక కారణం. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ప్రపంచమంతటా లక్షల రిజాల్వర్లు పనిచేస్తుంటాయి. మన ఫోన్ తరఫున ఏ పేరుకు ఏ చిరునామా అని వెతికి తెచ్చే సర్వర్లు అవి. ఒకసారి తెచ్చిన జవాబును కాసేపు దాచిపెట్టుకుని, అదే ప్రశ్న మళ్లీ వస్తే బయటికి వెళ్లకుండానే చెబుతాయి. సీనేమ్ పక్కన ఇంకేమీ ఉండదన్న హామీ ఉంటేనే, దాచుకున్న ఆ ఒక్క చీటీ చూసి "ఈ పేరు గురించి ఏది అడిగినా ఆ రెండో పేరు దగ్గరే వెతకాలి" అని రిజాల్వర్ ధైర్యంగా అనుకోగలదు. ప్రతిసారీ అసలు యజమాని సర్వర్‌ను తిరిగి అడగక్కర్లేదు. నియమం అంత కఠినంగా ఉన్నది అందుకే.

ఇప్పుడు ఒట్టి డొమైన్ సంగతికి వద్దాం. example.com అన్నది ఆ మొత్తం ఇలాకాకు తలవాకిలి. డీఎన్ఎస్ పరిభాషలో ఇలాంటి ఇలాకాను జోన్ అంటారు. జోన్ తలవాకిట్లో రెండు రికార్డులు తప్పనిసరిగా ఉండాలి. ఈ జోన్‌కు బాధ్యులు ఎవరు, సమాచారం ఎన్నో కూర్పు, ఎంతసేపు దాచుకోవచ్చు వంటివి చెప్పేది ఎస్ఓఏ. ఈ జోన్ గురించి జవాబు చెప్పే సర్వర్లు ఏవో చెప్పేది ఎన్ఎస్. ఈ రెండూ లేకపోతే అది జోనే కాదు. ఇవి తీసేస్తే డొమైన్ ఉండదు, ఉంచితే సీనేమ్ ఉండకూడదు. ఎర్రక్షరాల వెనకున్న లెక్క ఇంతే. www కు ఈ చిక్కు లేదు, ఎందుకంటే అది జోన్ లోపలి ఒక మామూలు పేరు. దానికి ఎస్ఓఏ, ఎన్ఎస్ అవసరం లేదు, దాని మీద మరో చీటీ లేకుండా ఉంచవచ్చు.

కింది జోన్ ఫైలు చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. చివరి వరుసే తప్పు, మిగతావన్నీ సరైనవి.

```
example.com.      3600 SOA   ns1.dns.example. admin.example.com. 1 7200 900 1209600 300
example.com.      3600 NS    ns1.dns.example.
example.com.      3600 MX    10 mail.post.example.
www.example.com.  3600 CNAME shop.hosting.example.
example.com.      3600 CNAME shop.hosting.example.
```

బైండ్ అనే ప్రసిద్ధ డీఎన్ఎస్ సర్వర్‌కు ఈ ఫైలు ఇస్తే `CNAME and other data` అని చెప్పి, జోన్‌ను ఎక్కించుకోవడానికే నిరాకరిస్తుంది. నిజానికి అది మేలు చేస్తోంది. ఒప్పుకునే సర్వర్ దొరికిందంటేనే అసలు ప్రమాదం మొదలవుతుంది.

అలా ఒప్పుకున్న సర్వర్ ఒకటి ఉందనుకుని, ఒక రోజు నడిచే తీరు చూద్దాం. పై వరుసల్లోని 3600 అంటే ఆ జవాబును 3600 సెకన్లు, అంటే గంటసేపు దాచుకోవచ్చని. ఉదయం పది గంటలకు ఒక ఇంటర్నెట్ కంపెనీ ఖాతాదారు example.com తెరిచాడు. ఆ కంపెనీ రిజాల్వర్ చిరునామా అడిగింది, సీనేమ్ జవాబుగా వచ్చింది, దాచుకుంది. సైటు చక్కగా తెరుచుకుంది. పది గంటల ఇరవై నిమిషాలకు అదే రిజాల్వర్‌ను వాడుకునే ఒక మెయిల్ సర్వర్, ప్రచురణ సంస్థకు ఒక రచయిత పంపిన ఉత్తరాన్ని చేర్చడానికి example.com ఎంఎక్స్ ఏమిటని అడిగింది. రిజాల్వర్ తన దగ్గరున్న చీటీ చూసింది: ఇది మారుపేరు, ఏది కావాలన్నా shop.hosting.example దగ్గర అడగాలి. అక్కడికి వెళ్లి ఎంఎక్స్ అడిగింది. అది వెబ్ సర్వర్ పేరు, దానికి ఎంఎక్స్ లేదు. నిజమైన ఎంఎక్స్ example.com దగ్గరే భద్రంగా ఉంది, కానీ ఎవరూ అక్కడికి వెళ్లి అడగలేదు.

ఇక్కడితో అయిపోలేదు. ఎంఎక్స్ లేని పేరుకు ఉత్తరం వస్తే, ఆ పేరు చిరునామా రికార్డులో ఉన్న యంత్రానికే నేరుగా ఇచ్చి చూడాలని ఈమెయిల్ ప్రమాణం చెబుతుంది. కాబట్టి మెయిల్ సర్వర్ వెళ్లి హోస్టింగ్ సంస్థ వెబ్ యంత్రం తలుపు తడుతుంది. అక్కడ ఉత్తరాలు తీసుకునేవాళ్లు లేరు. ఉత్తరం పక్కన పెట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాకే వదులుకోవాలని అదే ప్రమాణం సూచన. ఈలోగా ఎప్పుడో దాచుకున్న చీటీ గడువు తీరి, సీనేమ్ కంటే ముందు ఎంఎక్స్ ప్రశ్న వెళ్లిందా, ఉత్తరం చక్కగా చేరిపోతుంది. లేదా, ఐదో రోజున రచయితకు తిరుగుటపాలో వస్తుంది.

ఈ జబ్బును పట్టుకోవడం ఎందుకంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. సైటు అందరికీ తెరుచుకుంటుంది. సంస్థ వాళ్లు తమ మెయిల్‌కు తామే ఒక ఉత్తరం పంపి చూసుకుంటే వస్తుంది. కొందరి ఉత్తరాలు మాత్రం రావు, మరికొందరివి రెండు రోజులు ఆలస్యంగా వస్తాయి. ఏ ప్రశ్న ముందు వెళ్లింది, ఏ రిజాల్వర్ దేన్ని దాచుకుంది అన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది. కొన్ని రిజాల్వర్లు మాత్రం అడిగిన రకం చీటీ తమ దగ్గరుందేమో ముందు చూసుకుంటాయి కాబట్టి ఇంకాస్త మెరుగ్గా నడుస్తాయి. మెయిల్ నడిపే సంస్థను అడిగితే తమ వైపు లోపం లేదంటారు, అది నిజమే. హోస్టింగ్ సంస్థ కూడా అదే మాట అంటుంది, అదీ నిజమే. లోపం ఆ ఐదో వరుసలో ఉంది.

ఉత్తరాలే కాదు, ఒట్టి డొమైన్ మీద పెట్టే టెక్స్ట్ రికార్డులూ ఇలాగే దారి తప్పుతాయి. ఈ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చెప్పే ఎస్‌పీఎఫ్ వాక్యం అక్కడే ఉంటుంది. డొమైన్ మీదేనని రుజువు చేయడానికి రకరకాల సేవలు ఇచ్చే గుర్తు వాక్యాలూ అక్కడే పెడతారు. సీనేమ్ వెంట వెళ్లిన రిజాల్వర్‌కు అవి కనిపించవు. అప్పుడు సంస్థ పంపిన మెయిళ్లు అవతలివాళ్ల స్పామ్ పెట్టెలో పడవచ్చు.

ఇన్ని చిక్కులున్నా అందరికీ సీనేమ్ ఎందుకు కావాలి? దానికీ గట్టి కారణం ఉంది. నేటి హోస్టింగ్ సంస్థలు, సీడీఎన్‌లు తమ యంత్రాల ఐపీ చిరునామాలను అవసరాన్నిబట్టి మార్చుకుంటూ ఉంటాయి. ఖాతాదారు తన జోన్‌లో ఐపీ అంకెలు రాసుకుంటే, అవి మారిన రోజున సైటు ఆగిపోతుంది. పేరు రాసుకుంటే, ఆ పేరు వెనక అంకెలు ఎన్నిసార్లు మారినా ఖాతాదారు చేయాల్సింది ఏమీ ఉండదు. గిట్‌హబ్ పేజెస్ చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. 2018 మే నెలలో సొంత డొమైన్లకు హెచ్‌టీటీపీఎస్ భద్రత ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, సీనేమ్ వాడుతున్నవాళ్లు ఏమీ మార్చక్కర్లేకపోయింది. ఒట్టి డొమైన్‌కు పాత ఐపీ అంకెలు రాసుకున్నవాళ్లు మాత్రం కొత్త అంకెలకు మారితే తప్ప ఆ భద్రత అందలేదు.

అలా అని ఐపీ అంకెలు రాసుకోవడం తప్పేమీ కాదు. హోస్టింగ్ సంస్థ "ఇవి స్థిరమైన చిరునామాలు, వీటిని రాసుకోండి" అని తన సహాయ పేజీలో రాతపూర్వకంగా చెబితే అదే అన్నిటికన్నా సూటి దారి. గిట్‌హబ్ పేజెస్ ఒట్టి డొమైన్ల కోసం ఇచ్చే నాలుగు అంకెలు ఇలా ఉంటాయి:

```
@  A  185.199.108.153
@  A  185.199.109.153
@  A  185.199.110.153
@  A  185.199.111.153
```

ఇవి ఎనీకాస్ట్ పద్ధతిలో పనిచేసే అంకెలు. అంటే ఒకే అంకెను ప్రపంచంలో చాలాచోట్ల యంత్రాలు పంచుకుంటాయి, అడిగినవారికి దారిలో దగ్గరగా ఉన్నది జవాబిస్తుంది. కాబట్టి అంకె స్థిరంగా ఉన్నా వేగానికి లోటు ఉండదు. సంస్థ చెప్పకుండా, `ping` కొట్టి కనిపించిన అంకెను రాసుకోవడం మాత్రం ఎవరూ చేయకూడని పని. అది రేపు మరొకరి సైటుకు వెళ్లిపోవచ్చు.

స్థిరమైన అంకెలు ఇవ్వని సంస్థలతో ఏం చేయాలి? ఈ ప్రశ్నకు డీఎన్ఎస్ సేవలు నడిపేవాళ్లే ఒక ఉపాయం కనిపెట్టారు. జోన్‌లో పేరు రాసుకోనిస్తారు, కానీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వరు. ఎవరైనా example.com చిరునామా అడిగితే, వారి సర్వరే లోలోపల shop.hosting.example ఐపీ ఏమిటో కనుక్కుని, మామూలు చిరునామా రికార్డుగా చేతిలో పెడుతుంది. బయటివారి కంటికి సీనేమ్ అసలు లేదు, ఎస్ఓఏ, ఎన్ఎస్, ఎంఎక్స్ అన్నీ తమ చోట తామున్నాయి. నియమం చెక్కుచెదరలేదు, పనీ అయింది. అమెజాన్ తన రూట్ 53 సేవలో 2011లోనే, తన లోడ్ బ్యాలెన్సర్ల కోసం దీన్ని ఎలియాస్ పేరుతో తెచ్చింది. క్లౌడ్‌ఫ్లేర్ 2014 ఏప్రిల్‌లో సీనేమ్ ఫ్లాటెనింగ్ అని పేరు పెట్టింది. డీఎన్ఎస్ మేడ్ ఈజీ వాళ్లు ఎనేమ్ అంటారు. పేర్లు వేరైనా చేసే పని ఒకటే.

అయితే ఈ ఉపాయానికి రెండు పరిమితులున్నాయి, ఎంచుకునేముందు రెండూ తెలిసుండాలి. మొదటిది దూరానికి సంబంధించినది. చాలా సీడీఎన్‌లు అడిగిన రిజాల్వర్ ఎక్కడుందో చూసి, దానికి దగ్గరి యంత్రం చిరునామా ఇస్తాయి. మామూలుగా హైదరాబాద్ పాఠకుడి తరఫున అడిగేది అతని ఇంటర్నెట్ కంపెనీ రిజాల్వర్, కాబట్టి ముంబైలోనో చెన్నైలోనో ఉన్న యంత్రం దొరకవచ్చు. ఈ ఉపాయంలో సీడీఎన్‌ను అడిగేది డీఎన్ఎస్ సేవ నడిపేవారి సర్వర్. అది అమెరికాలో కూర్చుని అడిగి, వచ్చిన జవాబునే అందరికీ పంచితే, హైదరాబాద్ పాఠకుడు సముద్రాలు దాటి వెళ్లి రావాలి. పేజీ తెరుచుకుంటుంది కానీ నెమ్మదిగా. అడిగినవారి నెట్‌వర్క్ ఏదో ప్రశ్నతోపాటే చెప్పే ఒక పద్ధతి ఉంది, దాన్ని పాటించే సేవల్లో ఈ ఇబ్బంది తగ్గుతుంది. డీఎన్ఎస్, సీడీఎన్ రెండూ ఒకే సంస్థవైతే ఈ గొడవే ఉండదు. రూట్ 53 ఎలియాస్ ఎక్కువగా అమెజాన్ సొంత సేవలవైపే తిరుగుతుంది కాబట్టి హాయిగా నడుస్తుంది, బయటి హోస్టింగ్ సంస్థ పేరును దానిలో రాయబోతే మాత్రం ఒప్పుకోదు.

రెండో పరిమితి, ఈ రికార్డు డీఎన్ఎస్ ప్రమాణంలో లేదు. దీన్ని ప్రమాణంగా మార్చాలని ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్‌లో ఎనేమ్ పేరుతో ఒక ముసాయిదా నడిచింది కానీ, పూర్తికాకుండానే ఆగిపోయింది. కాబట్టి డొమైన్‌ను ఒక డీఎన్ఎస్ సేవ నుంచి మరో సేవకు మార్చేటప్పుడు, జోన్ ఫైలుతోపాటు ఈ వరుస రాదు. వచ్చినా అవతలివారికి అర్థం కాదు. సేవ మార్చిన రోజున ఒట్టి డొమైన్ మాయమయ్యే సందర్భాల్లో ఇది వెతకవలసిన మొదటి చోటు.

మూడో దారి పాతదే, ఇప్పటికీ గట్టిదే. సైటు అసలు ఇల్లు www అనుకోవాలి, ఒట్టి డొమైన్‌ను దారి చూపే గుమ్మంగా మాత్రమే ఉంచాలి. ఒట్టి పేరుకు ఒక స్థిరమైన ఐపీ ఉన్న చిన్న సర్వర్ చిరునామా పెడతారు. అది పేజీలు చూపించదు, వచ్చినవారికి 301 అనే సంకేతం ఇచ్చి www వైపు పంపుతుంది. డొమైన్ అమ్మే సంస్థల్లో చాలావరకు ఈ సదుపాయం ఉంటుంది. ఇక్కడ ఎక్కువమంది మరిచిపోయేది ఒకటుంది: ఆ గుమ్మానికి కూడా హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ కావాలి. బ్రౌజర్ దారి తెలుసుకునే లోపే సురక్షిత సంబంధం కుదరాలి కనుక, అది లేకపోతే https://example.com అని కొట్టినవారికి www పేజీ బదులు హెచ్చరిక కనిపిస్తుంది. http తో పరీక్షించి అంతా బాగుందనుకుంటే ఈ లోపం బయటపడదు.

ఇక కొత్తగా వచ్చిన దారి. 2023 నవంబరులో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 9460, హెచ్‌టీటీపీఎస్ అనే పేరుతోనే ఒక కొత్త డీఎన్ఎస్ రికార్డును ప్రమాణంగా తెచ్చింది. దానిలో ఒక రూపం ఇలా ఉంటుంది:

```
example.com.  3600  HTTPS  0  shop.hosting.example.
```

ఆ సున్నా ఇది మారుపేరు అని చెబుతుంది. కానీ సీనేమ్‌లా అన్నిటికీ కాదు, వెబ్ కోసం వచ్చినవాళ్లకు మాత్రమే. తలుపు మీది బోర్డు మారిందన్నమాట: "వెబ్‌సైట్ కోసమైతే ఎదురింటికి వెళ్లండి, ఉత్తరాలకు ఇక్కడే." అందుకే ఇది ఎస్ఓఏ, ఎన్ఎస్, ఎంఎక్స్ పక్కన నిశ్చింతగా ఉండగలదు. 1987 నియమాన్ని సడలించకుండానే, ప్రమాణంలో భాగంగానే చిక్కుముడిని విప్పిన పరిష్కారం ఇది. అయితే పాత బ్రౌజర్లు ఈ రికార్డును అడగనే అడగవు, అడిగేవాటిలోనూ అన్నీ ఈ మారుపేరు రూపాన్ని పాటించవు. కాబట్టి ఇప్పటికి దీన్ని పెట్టినా, పక్కన మామూలు చిరునామా రికార్డు ఉండి తీరాలి.

మన ప్రచురణ సంస్థ విషయానికొస్తే, దాని హోస్టింగ్ సంస్థ స్థిరమైన అంకెలు ప్రకటించి ఉంటే వాటినే ఒట్టి పేరుకు రాసుకోవాలి. లేకపోతే డీఎన్ఎస్ సేవలో ఎలియాస్‌లాంటి సదుపాయం ఉందేమో చూడాలి. అదీ లేకపోతే 301 గుమ్మం. ఏది ఎంచుకున్నా, www కు సీనేమ్ అలాగే ఉంచవచ్చు.

ఇప్పటికే నడుస్తున్న డొమైన్‌లో తప్పు దాగి ఉందేమో చూసుకోవడానికి ఒక నిమిషం చాలు. లినక్స్‌లో గానీ మ్యాక్‌లో గానీ టెర్మినల్ తెరిచి, మీ డొమైన్ పేరుతో ఈ మూడు ఆదేశాలు ఇవ్వండి:

```
dig example.com CNAME +short
dig example.com A +short
dig example.com MX +short
```

మొదటిదానికి జవాబు ఖాళీగా రావాలి. రెండోదానికి అంకెలు మాత్రమే రావాలి, వాటికి ముందు ఏదైనా పేరు కనిపిస్తే సీనేమ్ ఉన్నట్టే. మూడోదానికి మీ మెయిల్ సర్వర్ పేరు రావాలి. మొదటి ఆదేశానికి ఒక పేరు జవాబుగా వస్తే, సైటు ఎంత చక్కగా తెరుచుకుంటున్నా సరే, ఆ వరుసను ఇవాళే తీసి పై దారుల్లో ఒకటి పెట్టండి. పాత చీటీ గడువు తీరేదాకా, అంటే ఆ వరుసలో రాసి ఉన్నన్ని సెకన్లు ఆగి, బయటి మెయిల్ ఖాతా నుంచి ఒక ఉత్తరం పంపి చూసుకోండి.